అద్దె 25 వేలు, ఈఎంఐ 44 వేలు... మరి టాక్స్ దేని మీద?

ఈ రోజు ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలుపెడదాం.

గత డిసెంబర్‌లో ఒక రోజు రాత్రి పదకొండింటికి నా పాత రూమ్మేట్ ఫోన్ చేశాడు. బీటెక్ అయ్యాక నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్నాం. మావాడు మియాపూర్‌లో ఒక ఫ్లాట్ కొన్నాడు. కొన్న కొన్నాళ్లకే ఉద్యోగం బెంగళూరుకి మారింది. ఇక్కడి ఫ్లాట్ అద్దెకిచ్చి, తను అక్కడ అద్దెకుంటున్నాడు. "ఒరేయ్, ఇన్‌కమ్ టాక్స్ వాళ్ల నుంచి మెసేజ్ వచ్చిందిరా. నా రిటర్న్‌కీ వాళ్ల దగ్గరున్న వివరాలకీ తేడా ఉందట. నేనేం దాచాను రా?" అని కంగారు.

రిటర్న్‌లో అద్దె చూపించావా అని అడిగాను. చూపించలేదన్నాడు. ఎందుకురా అంటే ఒకటే మాట. "నెలకి అద్దె 25 వేలు వస్తోంది. ఈఎంఐ 44 వేలు కడుతున్నాను. ప్రతి నెలా 19 వేలు నా జేబులోంచే పోతుంటే అది ఆదాయం ఎలా అవుతుంది?"

నిజం చెప్పాలంటే, ఈ లాజిక్ మనలో చాలామందిది. వినడానికి కరెక్ట్‌గానే ఉంటుంది. కానీ టాక్స్ లెక్క ఈఎంఐని చూడదు. దానికో వరుస ఉంది. ఆ వరుసలో వెళ్తే మావాడికి అద్దె మీద రూపాయి కూడా టాక్స్ పడదు. అయినా అద్దె చూపించాల్సిందే. పైగా "హోమ్ లోన్ ఉంది కదా, జీతం మీద టాక్స్ కూడా తగ్గుతుంది" అని వాడు లోపల పెట్టుకున్న ఆశ ఉంది చూశారూ, అది చాలావరకు పోతుంది. ఈ రెండూ ఎందుకో ఇవాళ మాట్లాడుకుందాం.

అసలు వాళ్లకెలా తెలిసింది?

మావాడి ఫ్లాట్‌లో అద్దెకున్నాయన కూడా ఉద్యోగస్తుడే. పాత టాక్స్ పద్ధతిలో ఉన్నాడు, ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు తీసుకుంటున్నాడు. ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే ఇంటి ఓనర్ పాన్ నంబర్ ఆఫీసుకి ఇవ్వాలి. ఆయన ఇచ్చాడు. ఆఫీసు టాక్స్ స్టేట్‌మెంట్ ఫైల్ చేసినప్పుడు ఆ పాన్ కూడా డిపార్ట్‌మెంట్‌కి వెళ్లింది. అంతే, మావాడి ఏఐఎస్‌లో మూడు లక్షల అద్దె కనపడింది. రిటర్న్‌లో మాత్రం ఉత్త జీతమే ఉంది. తేడా అంటే అదే.

కాబట్టి ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు ముందు చేయాల్సిన పని, ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో లాగిన్ అయ్యి ఏఐఎస్ తెరిచి చూసుకోవడం. అందులో కనపడకపోయినా అద్దె చూపించాలి, అది వేరే విషయం. కనపడితే మాత్రం వాళ్లకి ఆల్రెడీ తెలుసు అని అర్థం.

లెక్క వరుస

ఇప్పుడు మావాడి అంకెలే తీసుకుని 2025-26 సంవత్సరానికి లెక్క వేద్దాం. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది, కానీ మనం ఈసారి వేసే రిటర్న్ దానికి ముందు సంవత్సరానిది. అందుకే పాత 1961 చట్టం ప్రకారమే లెక్క.

మొదటి మెట్టు అద్దె. నెలకి 25,000, పన్నెండు నెలలు, 3,00,000. మధ్యలో అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి, వేరేవాళ్లు దొరక్క రెండు నెలలు తాళం వేసి ఉందనుకోండి, అప్పుడు వచ్చిన పది నెలల అద్దె, అంటే 2,50,000 తీసుకుంటాం. అడ్వాన్స్ ఆదాయం కాదు, ఎందుకంటే అది తిరిగి ఇచ్చేయాల్సిన డబ్బు. కానీ వెళ్లేటప్పుడు "చివరి రెండు నెలలు అడ్వాన్స్‌లో పట్టుకోండి" అంటే, అలా పట్టుకున్నది అద్దె కిందే వస్తుంది.

రెండో మెట్టు ఇంటి పన్ను. మున్సిపాలిటీకో, కార్పొరేషన్‌కో, ఊళ్లో అయితే పంచాయతీకో కట్టేది. మావాడు ఆ ఏడాది 10,000 కట్టాడు. మూడు లక్షల్లోంచి అది తీసేస్తే 2,90,000.

ఇక్కడ ఒక్క మాట జాగ్రత్తగా వినండి. ఈ మెట్టు దగ్గర డిమాండ్ నోటీసులో ఎంత ఉంది అని చూడరు. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపు మీరు నిజంగా ఎంత కట్టారు అన్నదే లెక్క. బిల్లు వచ్చి కట్టకపోతే ఈ ఏడాది సున్నా. పోయినేడాది బాకీ, ఈ ఏడాదిది కలిపి ఒకేసారి కడితే రెండూ ఈ ఏడాదే తీసేయొచ్చు. హైదరాబాద్‌లో ఏప్రిల్‌లోనే మొత్తం కట్టేస్తే 5 శాతం రిబేటు ఇస్తుంటారు కదా, అలా తగ్గించి కడితే తగ్గిన మొత్తమే చూపించాలి. రసీదు పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి.

మూడో మెట్టు స్టాండర్డ్ డిడక్షన్, 30 శాతం. దేని మీద 30 శాతం? మూడు లక్షల మీద కాదు, ఇంటి పన్ను తీసేశాక మిగిలిన 2,90,000 మీద. అంటే 87,000. ఈ వరుస తారుమారు చేసి చాలామంది 90,000 వేసేస్తారు. మూడు వేల తేడాయే, కానీ లెక్క తప్పే.

ఈ 30 శాతం ఎందుకిస్తారంటే, ఇల్లన్నాక ఖర్చులుంటాయి. పెయింటింగ్, ప్లంబరు, బ్రోకర్‌కి ఇచ్చే కమీషన్, ఇన్సూరెన్సు, అన్నిటికీ కలిపి చట్టం గుండుగుత్తగా ఇచ్చేసిన మొత్తం ఇది. మీరు ఒక్క రూపాయి ఖర్చు పెట్టకపోయినా 87,000 వస్తుంది. రెండు లక్షలు పెట్టినా 87,000 మాత్రమే. బిల్లులు అడగరు. మావాడు అద్దెకిచ్చే ముందు 45 వేలు పెట్టి రంగులు వేయించాడు. "అది విడిగా తీసేయొచ్చా?" అన్నాడు. కుదరదు, అది ఈ 87,000లోనే ఉంది.

ఇంకో కన్ఫ్యూజన్ కూడా ఉంది. జీతంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ వేరు, ఇది వేరు. పేరొక్కటే. జీతం మీద అది, అద్దె మీద ఇది, రెండూ వస్తాయి. కొత్త టాక్స్ పద్ధతిలో ఉన్నా అద్దె మీద 30 శాతం పోదు.

ఇప్పుడు మిగిలింది 2,03,000.

నాలుగో మెట్టు హోమ్ లోన్ వడ్డీ. ఇక్కడే మావాడి ఈఎంఐ లాజిక్ విరిగిపోతుంది. 50 లక్షల లోన్, 20 ఏళ్లు, 8.75 శాతం వడ్డీ. ఈఎంఐ 44,200. ఏడాదికి 5,30,400 కట్టాడు. కానీ అందులో వడ్డీ 4,32,000, మిగిలిన 98,400 అసలు. అసలు కట్టడమంటే అప్పు తగ్గించుకుంటున్నట్టు, అంటే ఆ ఇల్లు అంతమేర మీ సొంతమవుతున్నట్టు. దాన్ని ఖర్చుగా చూడరు. అద్దెలోంచి తీసేసేది వడ్డీ మాత్రమే. ఆ అంకె మీ అంచనాతో వేయకండి. మార్చి అయ్యాక బ్యాంక్ యాప్‌లో ఇంట్రెస్ట్ సర్టిఫికెట్ దొరుకుతుంది, అందులో వడ్డీ, అసలు విడివిడిగా ఉంటాయి. జనవరిలో ఆఫీసుకిచ్చిన ప్రొవిజనల్ సర్టిఫికెట్ కాకుండా ఫైనల్‌ది తీసుకోండి.

2,03,000లోంచి 4,32,000 తీసేస్తే మైనస్ 2,29,000. అంటే ఇంటి మీద నష్టం. అద్దెకిచ్చిన ఇంటికి వడ్డీ తీసేయడానికి పైపరిమితి లేదు, మొత్తం 4,32,000 వేయొచ్చు. మనం వినే "రెండు లక్షల లిమిట్" ఇక్కడ కాదు, తర్వాతి మెట్టు దగ్గర వస్తుంది.

ఆ మైనస్ ఏమవుతుంది?

పాత టాక్స్ పద్ధతిలో ఉంటే ఈ నష్టంలో 2,00,000 వరకు అదే ఏడాది జీతంలోంచి తగ్గించుకోవచ్చు. మిగిలిన 29,000 వచ్చే ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లొచ్చు, కానీ అప్పుడు ఇంటి ఆదాయంలోంచి మాత్రమే తగ్గుతుంది, జీతంలోంచి కాదు. అలా ముందుకు తీసుకెళ్లాలంటే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి.

కొత్త పద్ధతిలో ఉంటే? వడ్డీ అద్దెని సున్నా చేసేవరకు పనికొస్తుంది. ఆపైన మిగిలిన 2,29,000 జీతాన్ని ముట్టుకోలేదు, ముందుకీ వెళ్లదు. అక్కడితో ఆగిపోతుంది.

ఇది వినగానే మావాడు, "అయితే పాత పద్ధతికి మారిపోతాను, రెండు లక్షలు ఊరికే ఎందుకు వదులుకోవాలి?" అన్నాడు. ఆగు, లెక్క వేద్దాం అన్నాను. జీతం 15 లక్షలు.

కొత్త పద్ధతిలో 75,000 తీసేస్తే 14,25,000. ఇంటి ఆదాయం సున్నా. 2025-26 శ్లాబుల ప్రకారం టాక్స్ 93,750, దాని మీద 4 శాతం సెస్సు కలిపితే 97,500.

పాత పద్ధతిలో 15 లక్షల్లోంచి స్టాండర్డ్ డిడక్షన్ 50,000, ఇంటి నష్టం 2,00,000, పీఎఫ్, లోన్ అసలు అన్నీ కలిపి 80సీ కింద 1,50,000. మిగిలింది 11,00,000. టాక్స్ 1,42,500, సెస్సుతో 1,48,200.

చూశారా? రెండు లక్షల నష్టం వాడుకున్నా కూడా పాత పద్ధతిలో యాభై వేలు ఎక్కువ పడుతోంది. శ్లాబులే వేరు కాబట్టి. మావాడు బెంగళూరులో తనూ అద్దె కడుతున్నాడు కదా, హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు ఇంకో 2,00,000 వస్తుందనుకుందాం. అప్పుడు 9,00,000 మీద టాక్స్, సెస్సుతో 96,200. అంటే ఇంత చేసినా మిగిలేది 1,300 రూపాయలు. మీ జీతం, మీ హెచ్‌ఆర్‌ఏ వేరుగా ఉంటాయి, కాబట్టి మీ అంకెలతో రెండు పద్ధతులూ వేసి చూసుకోండి. "హోమ్ లోన్ ఉంటే పాత పద్ధతే బెటర్" అన్న మాట మాత్రం గుడ్డిగా నమ్మకండి. పాత పద్ధతి కావాలనుకుంటే గడువు తేదీ లోపు వేసే రిటర్న్‌లోనే ఎంచుకోవాలి. ఉద్యోగస్తులకి అది సాధారణంగా జూలై 31. గడువు దాటాక మొదటిసారి రిటర్న్ వేస్తే ఆ అవకాశం ఉండదు.

ప్రీపేమెంట్ గురించి ఒక మాట

మావాడికి నాన్నగారు పొలం అమ్మిన డబ్బులో పది లక్షలు ఇస్తానన్నారు, లోన్‌కి కట్టెయ్యమని. ఆఫీసులో ఎవరో "వద్దు, లోన్ తగ్గిస్తే టాక్స్ బెనిఫిట్ పోతుంది" అన్నారట. అందుకని ఆ డబ్బు సేవింగ్స్ అకౌంట్‌లో పడి ఉంది.

ఇప్పుడు మన లెక్క చూడండి. కొత్త పద్ధతిలో వాడికి పనికొచ్చే వడ్డీ 2,03,000 మాత్రమే. 8.75 శాతం దగ్గర అంత వడ్డీ పడాలంటే సుమారు 23 లక్షల అప్పు చాలు. వాడి అప్పు 50 లక్షలు. అంటే పైనున్న 27 లక్షల మీద కట్టే వడ్డీ టాక్స్‌లో పైసా కూడా తగ్గించట్లేదు. పది లక్షలు కట్టేస్తే పోయే బెనిఫిట్ సున్నా, తగ్గే వడ్డీ మొదటి ఏడాదే 87 వేల చిల్లర. ఎమర్జెన్సీకి కొంత ఉంచుకుని మిగతాది కట్టేశాడు.

మీ లోన్‌కి కూడా ఇలాగే చూసుకోవచ్చు. అద్దెలోంచి ఇంటి పన్ను, 30 శాతం తీసేశాక వచ్చే అంకె ఒకవైపు, ఏడాది వడ్డీ ఒకవైపు పెట్టండి. కొత్త పద్ధతిలో ఉంటే, వడ్డీ ఎంత ఎక్కువుందో అంతమేర టాక్స్ పరంగా వేస్టే.

కొన్నేళ్లకి బొమ్మ తిరగబడుతుంది కూడా. అద్దె 38,000 అయ్యి, ఇంటి పన్ను 12,000 అయ్యి, వడ్డీ 2,60,000కి దిగిందనుకోండి. ఏడాది అద్దె 4,56,000. ఇంటి పన్ను పోతే 4,44,000. 30 శాతం, అంటే 1,33,200 పోతే 3,10,800. వడ్డీ పోతే 50,800 మిగులుతుంది. దాని మీద మీ శ్లాబు ప్రకారం టాక్స్ పడుతుంది. అప్పటికీ చేతి నుంచి ఈఎంఐ అద్దె కంటే ఎక్కువే పోతుండొచ్చు. అయినా ఆదాయమే.

అసలు లోనే లేకపోతే? ఇదే ఫ్లాట్, ఇదే అద్దె, 2,03,000 మొత్తం జీతానికి కలుస్తుంది. 15 లక్షల జీతం మీద అదనంగా పడేది సెస్సుతో 33,124. అది చూపించకుండా ఉండి డిసెంబర్‌లో మెసేజ్ వస్తే, టాక్స్‌తో పాటు దాని మీద వడ్డీ కూడా కట్టాల్సి వచ్చేది. మావాడు బతికిపోయింది లోన్ వల్లే.

ఫారంలో ఎక్కడ వేయాలి

రిటర్న్‌లో House Property భాగంలో ఇంటి రకం దగ్గర Let Out ఎంచుకోండి. Self Occupied అని పెట్టేస్తే కొత్త పద్ధతిలో వడ్డీ అసలు తీసుకోదు, సొంతంగా ఉండే ఇంటికి అక్కడ వడ్డీ మినహాయింపు లేదు కాబట్టి. అద్దె మొత్తం పైన వేయాలి, ఇంటి పన్ను Tax paid to local authorities దగ్గర. 30 శాతం అదే లెక్క కట్టుకుంటుంది, మీరు వేయక్కర్లేదు. వడ్డీ దగ్గర బ్యాంకు పేరు, లోన్ అకౌంట్ నంబర్, మంజూరైన తేదీ, మిగిలిన బాకీ అడుగుతుంది. అవన్నీ సర్టిఫికెట్, లోన్ స్టేట్‌మెంట్‌లో ఉంటాయి.

చాలామంది చేసే పొరపాటు ఏంటంటే, "వడ్డీ పోను అద్దె సున్నాయే కదా" అని అద్దె దగ్గర సున్నా వేసేయడం. అలా వేస్తే ఏఐఎస్‌లో మూడు లక్షలు, ఫారంలో సున్నా, మళ్లీ అదే మెసేజ్. పూర్తి అద్దె పైన వేసి, కిందకి తీసేసుకుంటూ రావాలి.

పోయినసారి కామెంట్లలో వచ్చిన ప్రశ్నలు

ఒకరు అడిగారు, "మా అగ్రిమెంట్‌లో ఇంటి పన్ను అద్దెకున్నవాళ్లే కడతారని రాసుకున్నాం. నేను తీసేయొచ్చా?" తీసేయలేరండి. ఓనర్ కట్టినదే లెక్క. అందుకే పన్ను మీరే కట్టి, ఆ మేరకు అద్దె మాట్లాడుకోవడం మేలు.

ఇంకో అక్క అడిగారు, "ఫ్లాట్ మా అమ్మగారి పేరు మీద ఉంది. లోన్ నాది, ఈఎంఐ నేనే కడుతున్నాను. వడ్డీ నేను చూపించొచ్చా?" ఇది చాలా ఇళ్లలో ఉన్న సమస్య అక్కా. రిజిస్ట్రేషన్ అమ్మగారి పేరు మీద మాత్రమే ఉంటే అద్దె ఆవిడ ఆదాయం. మీరు ఓనర్ కాదు కాబట్టి వడ్డీ మీకు రాదు. లోన్ తీసుకున్నది ఆవిడ కాదు కాబట్టి ఆవిడకీ ఇబ్బందే. అందుకే ఇల్లు కొనేముందే కాగితాల మీద ఓనర్‌గా, లోన్‌లో అప్పు తీసుకున్నవారిగా రెండు చోట్లా మీ పేరు ఉందో లేదో చూసుకోవాలి. ఇద్దరి పేర్లూ రెండు చోట్లా ఉంటే అద్దె, వడ్డీ ఎవరి వాటా వాళ్లు చూపించుకుంటారు.

మావాడి కథ ఎలా ముగిసిందంటే, డిసెంబర్ 31 లోపు రివైజ్డ్ రిటర్న్ వేశాడు. అద్దె చూపించాడు, ఇంటి పన్ను, 30 శాతం, వడ్డీ అన్నీ వేశాడు. ఇంటి ఆదాయం సున్నాకి దిగింది, అదనపు టాక్స్ పడలేదు. వారం తర్వాత ఫోన్ చేసి, "ఒరేయ్, ఇంత చేసి సున్నా కట్టడానికా నాకు రెండు రాత్రులు నిద్ర లేనిది?" అన్నాడు. అదేరా, ఆ సున్నా ఎలా వచ్చిందో కాగితం మీద చూపించడానికే అన్నాను.

మీ ఇంటి పన్ను రసీదు, ఇంట్రెస్ట్ సర్టిఫికెట్, రెంటల్ అగ్రిమెంట్ మూడూ దగ్గర పెట్టుకుని ఈ నాలుగు మెట్లు ఒకసారి వేసి చూడండి. ఎక్కడైనా ఆగిపోతే అంకెలతో సహా కామెంట్‌లో రాయండి, మీ పాన్ నంబర్ మాత్రం రాయకండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.